ప్రీ-ఫైనల్ మార్కులతో పబ్లిక్ మార్కుల అంచనా: ఎర్రర్ అందరికీ ఒకటేనా?

పదో తరగతికి లెక్కలు చెప్తాను. నిరుడు 40 మంది పిల్లల ప్రీ-ఫైనల్ మార్కులు x, పబ్లిక్ మార్కులు y గా తీసుకుని లీనియర్ రిగ్రెషన్ చేస్తే y = 30 + 0.7x వచ్చింది. స్టాండర్డ్ ఎర్రర్ 8, అంటే అంచనా దానికి రెండింతలు, సుమారు 16 మార్కులు అటూ ఇటూ కావచ్చు.

ఈసారి 20 వచ్చిన అమ్మాయికి అంచనా 44. కానీ 28 నుంచి 60 దాకా ఏదైనా రావచ్చు, పాస్ మార్కు 35 ఆ మధ్యలోనే ఉంది. వాళ్ళమ్మ రోజూ గేటు దగ్గర ఆగి "పాసవుతుందా సార్?" అని అడుగుతోంది. 95 వచ్చిన అబ్బాయికేమో లెక్క 112 దాకా పోతోంది!

గ్రాఫులో పై మార్కుల చుక్కలు గీతను అంటుకుని ఉన్నాయి, కిందివి చెల్లాచెదురుగా ఉన్నాయి. 40 లోపు వాళ్ళకు ఎర్రర్ విడిగా లెక్కించాలా? వాళ్ళు 9 మందే, సరిపోతారా?