ఒకే సంచికలో తేదీలు, రూపాయలు, సెంట్లు: ఏది మార్చాలి, ఏది మార్చకూడదు?

అడిగినవారు, కర్నూలు:
మా ఊరి గ్రంథాలయ సంచికకు వచ్చిన వ్యాసాలలో ఒకరు 03/04/2018 అనీ, ఒకరు ఏప్రిల్ 3, 2018 అనీ, మరొకరు 3-4-18 అనీ రాశారు. సొమ్ము దగ్గర రూ. 5,000/-, ₹5000, అయిదు వేల రూపాయలు అన్నీ ఉన్నాయి. భూమి లెక్కలో ఒకచోట చుక్క, ఒకచోట గీత కనిపిస్తున్నాయి. అన్నింటినీ రోజు-నెల-సంవత్సరం వరుసలోకి, ఒకే గుర్తులోకి తెచ్చేశాను. అయితే, సరిచేసిన తర్వాత 2017-18 విరాళాల మొత్తం రసీదు పుస్తకంతో సరిపోవడం లేదు.

ఉపాధ్యాయురాలు, అనంతపురం:
ఒక సంచికకు ఒకే పద్ధతి ఉండాలి. పట్టికైనా వాక్యమైనా అంతటా రోజు, నెల, సంవత్సరం అనే వరుసనే పాటించండి, ఇబ్బంది ఉండదు.

మరొక సభ్యుడు, ప్రొద్దుటూరు:
తేదీ అనాలా, తారీఖు అనాలా అన్నది కదా ప్రశ్న? మా నాయన తారీఖు అనే అనేవారు.

డీటీపీ చేసేవారు, కడప:
అయ్యా, ఇక్కడ ప్రశ్న మాట గురించి కాదు, అంకెల గురించి. కర్నూలువారూ, మీ విరాళాల పట్టిక ఎక్సెల్ నుంచి వచ్చి ఉంటే తప్పు అక్కడే జరిగి ఉంటుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉన్నప్పుడు 03/04/2018 అని కొడితే అది మార్చి 4గా తీసుకుంటుంది. 25/04/2018 అని కొడితే ఇరవై అయిదో నెల లేదు కనుక దానిని తేదీగా గుర్తించక, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ వైపు ఉంచేస్తుంది. ఆ తర్వాత మీరు గడుల రూపాన్ని `dd-mm-yyyy` చేస్తే మొదటిది 04-03-2018 అని చక్కగా, తప్పుగా కనిపిస్తుంది. ఏప్రిల్ 3న వచ్చిన విరాళం మార్చిలోకి, అంటే వెనుకటి ఆర్థిక సంవత్సరంలోకి జారిపోతుంది. ఆ వరుసకు `d mmmm yyyy` అనే రూపం ఇచ్చి చూడండి. కొన్ని మారి, కొన్ని కదలకుండా ఉండి, కదలనివన్నీ రోజు 12 దాటినవే అయితే ఇదే జబ్బు. మారినవాటిని చూపుతో దిద్దలేము. రసీదు పుస్తకం తెరవవలసిందే.

అడిగినవారు, కర్నూలు:
చూశాను. మీరు చెప్పినట్లే 12 దాటిన తేదీలన్నీ ఎడమ వైపు ఉండిపోయాయి.

విశ్రాంత సర్వేయరు, ఆదోని:
భూమి దగ్గర ఏమి మార్చారో కూడా చెప్పండి.

అడిగినవారు, కర్నూలు:
దాతలు ఇచ్చినవి రెండు చెక్కలు. కర్నూలు వైపుది 2.35, అలంపురం వైపుది 2-35. గీతను చుక్క చేసి, మొత్తం 4.70 ఎకరాలని వేశాను.

విశ్రాంత సర్వేయరు, ఆదోని:
అదే అనుకున్నాను. మన వైపు ఎకరాకు 100 సెంట్లు, తుంగభద్ర దాటితే ఎకరాకు 40 గుంటలు. అందువల్ల అవతలి 2-35 అంటే రెండెకరాల ముప్పై అయిదు గుంటలు; ముప్పై అయిదును నలభైతో భాగిస్తే 0.875 వస్తుంది కనుక అది మన లెక్కలో 2 ఎకరాల 87.5 సెంట్లు. రెండూ కలిపితే 5 ఎకరాల 22.5 సెంట్లు. మీ ఒక్క చుక్కతో అర ఎకరం పైగా ఎగిరిపోయింది! కడపవారు చెప్పిన 12 లాగానే ఇక్కడ గుర్తు 39: రెండో అంకె 39 దాటితే అది గుంటలు కాదు, సెంట్లే. దాటకపోతే భూమి ఏ ఊరిదో చూడక తప్పదు. వాక్యంలో ఎకరాలు, సెంట్లు, గుంటలు అని మాటలతోనే రాసి, దస్తావేజులోని అంకెను మాత్రం ఉన్నది ఉన్నట్లు ఉంచండి. 1957 ఏప్రిల్‌కు ముందరి రూ. 12-8-0 ఉన్నా ఇదే మాట. అది పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు, అంటే పన్నెండున్నర.

డీటీపీ చేసేవారు, కడప:
సొమ్ముకు రూ. 5,000 చాలు. రసీదులో చివర వేసే /- అనే గుర్తు పుస్తకంలో అనవసరం. ‘రూ. 5 లక్షల రూపాయలు’ అని రెండుసార్లు పడకుండా చూసుకోండి. కాకపోతే అనంతపురం మేడమ్ గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. పట్టికలో 03-04-2018 సరే. వాక్యంలో ‘3 ఏప్రిల్ 2018న’ అంటే ఆ ‘న’ రోజును వదిలి సంవత్సరానికి అంటుకుంటుంది. ‘2018 ఏప్రిల్ 3న’ అంటే విభక్తి పడవలసిన చోట పడుతుంది.

ఉపాధ్యాయురాలు, అనంతపురం:
వినడానికి మీదే బాగుంది, ఒప్పుకుంటాను. కానీ పట్టికలో రోజు ముందు, వాక్యంలో సంవత్సరం ముందు ఉంటే అది ఒకే పద్ధతి ఎట్లా అవుతుంది? ‘3 ఏప్రిల్ 2018 నాడు’ అంటే వరుసా నిలుస్తుంది, విభక్తి గొడవా ఉండదు కదా.

అడిగినవారు, కర్నూలు:
‘నాడు’ సంగతి సంపాదకవర్గం ముందు పెడతాను. ప్రస్తుతానికి గీతలన్నీ వెనక్కి పెట్టేసి, రసీదు పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను.