పుండు లేదు, పూత లేదు, అయినా అమ్మకు నాలుక మంట

మాది గుంటూరు. అమ్మకు 58 ఏళ్లు, షుగర్‌కు చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. కొన్ని నెలలుగా నాలుక కొన, పెదవుల లోపల పచ్చిమిరప కొరికినట్టు మంట. టార్చి వేసి చూసినా పుండు కనపడదు. బి12 పరీక్షలో 160 వచ్చింది, తక్కువే. మెట్‌ఫార్మిన్ వల్ల బి12 తగ్గుతుందట. ఇంజెక్షన్లతో బి12 మామూలుకొచ్చింది, మంట మాత్రం పోలేదు. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. విచిత్రమేమిటంటే, అన్నం తింటున్నంతసేపూ ఉండదు. నోరు ఎండిపోతోందంటుంది గానీ లాలాజలం బాగానే ఊరుతోందని పళ్ల డాక్టరు చెప్పారు. నరాల సమస్య కావచ్చని, క్లోనాజెపామ్ మాత్ర మూడు నిమిషాలు చప్పరించి ఉమ్మేయమన్నారు. అది నిద్రమాత్ర కదా అని అమ్మకు టెన్షన్. ఇలా వాడినవాళ్లున్నారా? పగలు మత్తుగా ఉంటుందా? బి12కే ఇంకొన్నాళ్లు టైమివ్వాలా?