కంటైనర్ గదిలో తెల్లవారుజామున సీలింగ్ నుంచి చుక్కలు, గ్లాస్ ఊల్ తీసేయాలా?

పలాస దగ్గర జీడితోటలో కాపలా ఉండేవాళ్ల కోసం 20 అడుగుల పాత స్టీల్ కంటైనర్‌ని గదిగా మార్చామండి. రూఫ్ కింద ఇనుప ఫ్రేమ్, అందులో 50 మిల్లీమీటర్ల గ్లాస్ ఊల్, దాని కింద జిప్సం బోర్డు. ఏసీ లేదు.

డిసెంబర్ నుంచి తెల్లవారుజామున 4 దాటాక సీలింగ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. రూఫ్ కారుతోందేమోనని జాయింట్లన్నిటికీ సీలెంట్ వేయించాం, పగలు పైన పైపుతో నీళ్లు పట్టి చూస్తే ఒక్క చుక్క కూడా దిగలేదు. ఎవరూ పడుకోని రాత్రి కూడా ఏమీ పడదు, ఇద్దరు తలుపు వేసుకుని పడుకుంటే మాత్రం ఖాయం. అంటే ఊపిరిలోని తేమ ఊల్ గుండా పైకెళ్లి, రాత్రి చల్లబడిన స్టీల్‌కి తగిలి నీరవుతోంది. ఒక బోర్డు విప్పితే ఊల్ పైవైపే తడిసి ముద్దగా ఉంది, స్క్రూల చుట్టూ తుప్పు మరకలు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాక తగ్గింది కానీ ఆగలేదు. రూఫ్‌కి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేశాం, మధ్యాహ్నం వేడి కాస్త తగ్గింది, ఈ తడి మాత్రం అలాగే ఉంది. ఊల్ కింద పాలిథిన్ షీట్ పరిచి, కంటైనర్ పైన అడుగు ఎత్తున రేకులు వేయమంటున్నాడు మేస్త్రీ. షీట్‌కి స్క్రూలు, లైట్ల దగ్గర చిల్లులు తప్పవు, పైగా 2018లో తిత్లీ తుపాను చూశాక రేకులంటేనే టెన్షన్.

అందుకే ఊల్ మొత్తం తీసేసి, స్టీల్‌కే అంటుకునేలా క్లోజ్డ్ సెల్ పీయూ ఫోమ్ 50 మిల్లీమీటర్లు స్ప్రే చేయిద్దామనుకుంటున్నాం. మన తీరప్రాంతంలో అలా చేయించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, చలికాలంలో మీకు చుక్కలు పూర్తిగా ఆగాయా?