చెక్క లక్కపిడతల అమ్మకపు పేజీలో వయసు హెచ్చరిక ఎక్కడ ఉండాలి?

ప్రశ్న (ఉదయగిరి నుండి):
మేము బిక్కి చెక్కతో పన్నెండు వస్తువుల లక్కపిడతల సెట్టు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాము. వివరణ చివరి పేరాలో "3 ఏళ్లలోపు పిల్లలకు కాదు" అని స్పష్టంగా వ్రాశాను. అయినా గత నెలలో ఒక తల్లి తన ఏడాదిన్నర పాపకు కొని, చిన్న మూత పాప నోట్లోకి వెళ్లిందని, అదృష్టవశాత్తు వెంటనే బయటకు తీయగలిగానని వ్రాశారు. హెచ్చరిక తనకు ఎక్కడా కనబడలేదని కూడా అన్నారు. వ్రాసిన మాట కనబడకపోవడమేమిటో నాకు అర్థం కావడం లేదు.

నెల్లూరు నుండి ఒక దుకాణదారు:
హెచ్చరిక వ్రాశాక మన బాధ్యత తీరిపోయినట్లే, చదవకపోవడం కొన్నవారి తప్పు. పైగా మీరు హస్తకళాకారులు, బొమ్మల నాణ్యతా నియమాలు మీకు వర్తించవు.

ఒంగోలు నుండి, కొన్నేళ్లుగా అమ్మకపు పేజీలు తయారుచేస్తున్న వ్యక్తి:
దుకాణదారు గారు చెప్పినదాంట్లో సగం నిజం. 2021 జనవరి 1 నుండి అమలవుతున్న ఉత్తర్వు ప్రకారం బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తామే తయారుచేసి తామే అమ్మే వస్తువులకు మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ మినహాయింపు ముద్ర విషయంలోనే గాని, పాప గొంతులో మూత ఇరుక్కోవడం విషయంలో కాదు.

అమ్మా, ఫోనులో మీ పేజీ తెరిచి చూస్తే వివరణ రెండు వరుసల తరువాత ముడుచుకుపోతుంది, "ఇంకా చదవండి" నొక్కేవారు తక్కువ. మీ చివరి పేరా ఆ మడతలోనే ఉండిపోయింది. కానీ నాకు అంతకంటే పెద్ద అనుమానం ఒకటుంది. వివరాల ఫారంలో "కనిష్ఠ వయసు" అనే గడిలో మీరు ఏమి ఎంచుకున్నారు? కొనేవారు వయసు జల్లెడ పట్టి వెదికినప్పుడు పనిచేసేది ఆ గడే, మీ పేరా కాదు.

అడిగినవారు:
ఇప్పుడే చూశాను, అక్కడ "1 ఏడాది" అని ఉన్నది. పాత గిలక్కాయ పేజీని నకలు తీసి ఈ పేజీ చేశాను, ఆ గడి మార్చలేదు.

ఒంగోలు:
అయితే ఆ తల్లి ఏడాది పిల్లల బొమ్మలలో వెదికి మీ సెట్టు చూశారు, ఆమె తప్పేమీ లేదు. ముందు ఆ గడి సరిచేయండి. తరువాత పేరులోనే "3 ఏళ్లు దాటిన పిల్లలకు" అని చేర్చండి. వివరణ మొదటి వాక్యంగా "చిన్న మూతలు ఉన్నాయి, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, 3 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదు" అని కారణంతో సహా వ్రాయండి. రెండవ చిత్రంలో మూతను పెద్దవారి అరచేతిలో, స్కేలు పక్కన పెట్టి చూపండి. మొదటి చిత్రం మీద అక్షరాలు వద్దు, చాలా వేదికలు అలాంటి చిత్రాన్ని తిరస్కరిస్తాయి.

కావలి నుండి ఒకరు:
మా బొమ్మ కారులో బిళ్ళ బ్యాటరీ ఉన్నది, మూత చేత్తోనే ఊడుతుంది. నేనూ ఇదే హెచ్చరిక పెడితే చాలునా?

ఒంగోలు:
చాలదండి. మింగిన బిళ్ళ బ్యాటరీ రెండు గంటలలోపే అన్నవాహికను కాల్చగలదు కాబట్టి ముందు స్క్రూతో బిగించే మూత పెట్టించండి, మాటలు ఆ తరువాత. విద్యుత్ బొమ్మల ప్రమాణమే వేరు, దానికి ప్రత్యేకంగా ప్రశ్న వేయండి.

చెక్క సెట్టుకు వద్దాం. ఏది చిన్న భాగమో ఊహించకుండా, మీరు చెక్క తిప్పే తరిణి మీదే ఒక కొలత గొట్టం చేసుకోండి: లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, ఏటవాలు అడుగు, ఒక వైపు లోతు 25.4, మరో వైపు 57.1. నొక్కకుండా ఏదో ఒక తీరున పెట్టినప్పుడైనా వస్తువు పూర్తిగా లోపల ఇమిడితే అది చిన్న భాగమే.

అడిగినవారు:
చేసి చూశాము. 75 మిల్లీమీటర్ల గరిటె పైకి నిలబడింది. 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న మూతలు రెండూ పూర్తిగా మునిగిపోయాయి. మూతలను 40కి పెంచితే రెండేళ్ల పిల్లలకు అమ్మవచ్చునా?

ఒంగోలు:
అప్పుడే కాదు. మూత మీద అతికించిన గుబ్బ కింద పడితే ఊడుతుందేమో చూడండి, ఊడిన గుబ్బ కూడా ఆ గొట్టంలో పట్టకూడదు. మూతను, గుబ్బను ఒకే చెక్కలో తిప్పితే ఆ బెడద తగ్గుతుంది. మరొక మాట, "హానిరహిత రంగు" అని వ్రాసి ఊరుకోకండి, నునుపుకు ఏమి పూశారో పేరు వ్రాయండి.

అడిగినవారు:
రంగు లేదు, వేరుశనగ నూనె రుద్దుతాము.

ఒంగోలు:
అది తప్పక పై వరుసలోనే వ్రాయండి, వేరుశనగ పడని పిల్లలు ఉంటారు. లేదా నూనె మార్చండి.

నెల్లూరు దుకాణదారు:
ఆమె చేసినవి నేను కొని నా పేజీలో పెడితే ఆ మినహాయింపు నాకూ వస్తుందా?

ఒంగోలు:
ఉత్తర్వులో ఉన్నది "తయారుచేసి అమ్మే" అన్న మాట, మీరు తయారుచేయడం లేదు గదా. వర్తించదనే నా అభిప్రాయం, అయినా సరుకు పెట్టే ముందు ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ అయిన బీఐఎస్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.