మూసేసిన ఏడాదికి మళ్లీ నోటీసు: కారణాలు అడగాలా, కాగితాలు ఇవ్వాలా?

నాగోల్_రవి: 2021-22 అసెస్‌మెంట్ ఇయర్‌కి ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది. ఉప్పల్ ప్లాటు 62 లక్షలకు అమ్మి ఆదాయం చూపలేదట. ప్లాటు నాదీ, అక్కదీ చెరి సగం. నా 31 లక్షలు రిటర్న్‌లో చూపించాను, రిఫండ్ కూడా వచ్చేసింది. అయిపోయిన ఏడాదిని మళ్లీ తెరుస్తారా? కారణాలు అడగొచ్చా?

పాత_ఖాతా: అడగొచ్చు కాదు, అడగాలి బాబూ. 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కారణాలు అడిగితే ఆఫీసరు ఇవ్వాలి, మనం అభ్యంతరం పెడితే దాని మీద విడిగా ఆర్డర్ రాయాలి. "రికార్డు చేసిన కారణాలు ఇప్పించండి" అని ఒక ముక్క రాసి ఊరుకో. అవి వచ్చేదాకా ఒక్క కాగితం ఇవ్వకు.

గిరి_కూకట్‌పల్లి: రిఫండ్ వచ్చిందంటే ఫైలు క్లోజ్. తెరిచే హక్కే లేదు.

సుజాత_తార్నాక: గిరి గారూ, రిఫండ్‌తో వచ్చేది 143(1) ఇంటిమేషన్. అది కంప్యూటర్ లెక్క సరిచూసి పంపేది. ఏ ఆఫీసరూ ఫైలు చదవలేదు కాబట్టి "ఒకసారి ఒప్పుకుని ఇప్పుడు మాట మార్చారు" అనే వాదన అక్కడ నిలబడదు. రవి గారూ, నోటీసు మీద 148 అని ఉందా, 148ఏ అని ఉందా?

నాగోల్_రవి: 148ఏ(1) అండి. కింద ఒక పేజీ జత చేశారు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వచ్చిన ఎంట్రీ, నా పాన్ ఎదురుగా 62,00,000.

సుజాత_తార్నాక: అయితే మీరు అడగాలనుకున్న కారణం ఆ పేజీయే. 2021 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. 148 నోటీసు ఇచ్చే ముందే సమాచారం చూపించి సంజాయిషీ అడగాలి. మీ జవాబు చూసి, పై అధికారి అనుమతితో, తెరవాలో వద్దో ఆర్డర్ ఇస్తారు. అంటే అభ్యంతరం పెట్టాల్సింది ఇప్పుడే. ఖాతా గారు చెప్పిన తీర్పు ప్రకారమైనా ముందు రిటర్న్ వేసి ఆ తర్వాతే కారణాలు అడగాలి, ఊరుకోమని అందులో లేదు.

పాత_ఖాతా: నాకు పాఠాలు అక్కర్లేదమ్మా. మీరు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను ఈ నోటీసులు.

బేగంబజార్_కొట్టు: నోట్ల రద్దప్పుడు నా కొట్టు డిపాజిట్ల మీద ఇలాగే వచ్చింది. మంచివాడిలా బిల్లులన్నీ ఇచ్చాను. అందులోంచే ఇంకో రెండు తప్పులు తీసి కలిపారు. అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. రవి తమ్ముడూ, నోరు విప్పకు.

లక్ష్మి_ఎల్బీనగర్: గడువు చాలకపోతే e-Proceedingsలో Seek Adjournment ఉంటుంది చూడండి.

సుజాత_తార్నాక: అన్నా, మీ కొట్టు లెక్క వేరు. రవి గారి దాంట్లో అసలు పాయింట్ 50 లక్షలు. ఆ అసెస్‌మెంట్ ఇయర్ ముగిసి మూడేళ్లు దాటింది. దాటాక ఐదేళ్లలోపు ఈ నోటీసు ఇవ్వాలంటే తప్పిపోయిన ఆదాయం 50 లక్షలో, అంతకు మించో ఉండాలి. ఉమ్మడి ఆస్తి అమ్మితే చాలాసార్లు మొత్తం విలువ ఇద్దరి పాన్‌లలోనూ పడుతుంది. ఆ 62 అలా వచ్చిందే అయ్యుంటుంది. ఈయన వాటా 31, అదీ రిటర్న్‌లో ఉంది. ఇది బయటపడాలంటే సేల్ డీడ్ పెట్టాలి కదా!

పాత_ఖాతా: అక్కడే తేడా. 62 ఎలా వచ్చిందో చెప్పాల్సింది వాళ్లు. రుజువు వాళ్ల బాధ్యత. ఈయన డీడ్ ఇస్తే కొన్న ధర ఎంత, ఇంప్రూవ్‌మెంట్ ఖర్చు ఎంత అని తవ్వుతారు. నేను కాగితాలు వద్దంటున్నది అందుకు, చట్టం తెలియక కాదు.

సుజాత_తార్నాక: ఈ మాట ముందే అనాల్సింది సార్. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఈ ఆర్డర్ మీద మామూలు అప్పీలు లేదు, రిట్ వేయాలి. జవాబే ఇవ్వకపోతే "అవకాశం ఇచ్చాం, వాడుకోలేదు" అని ఆర్డర్‌లో రాస్తారు. అది పట్టుకుని హైకోర్టుకు వెళ్తే, అసెస్‌మెంట్‌లో చెప్పుకోండి అని వెనక్కి పంపడం ఎన్నిసార్లో చూశాం.

పాత_ఖాతా: గడువు దాటిన నోటీసుకు ఆ తిప్పలు ఉండవు. చట్టపు పాయింట్ ఒక్కటి చాలు.

సుజాత_తార్నాక: గడువు దాటిందని తేలేది వాటా 31 అని చూపిస్తేనే. రవి గారూ, జవాబు పేజీన్నరకు మించనక్కర్లేదు. గడువు అభ్యంతరం మొదట రాయండి. తర్వాత డీడ్‌లో ఇద్దరి వాటాలున్న పేజీ, మీ ఐటీఆర్‌లో క్యాపిటల్ గెయిన్స్ షెడ్యూల్, మీ సగం పడిన బ్యాంకు ఎంట్రీ పెట్టండి. వాళ్లు ఆధారపడిన ఎంట్రీ పూర్తి కాపీ కూడా అడగండి. కొన్న ధర కాగితాలు ఈ దశలో పెట్టకండి, అంతవరకు ఖాతా గారితో నేనూ ఏకీభవిస్తాను.

బేగంబజార్_కొట్టు: ఇచ్చాక వాళ్లు అడగరని గ్యారంటీ ఉందా మేడమ్?

నాగోల్_రవి: డీడ్‌లో వాటాలు విడిగా రాయలేదండి, ఇద్దరి పేర్లే ఉన్నాయి. డబ్బు మాత్రం రెండు చెక్కులుగా వచ్చింది, 31 చొప్పున. అక్కకి నోటీసు రాలేదు, కానీ ట్యాక్స్ పోర్టల్‌లో ఆమె ఏఐఎస్ స్టేట్‌మెంట్‌లో కూడా 62 కనిపిస్తోంది.

సుజాత_తార్నాక: అయితే చెక్కులే మీ ఆధారం. అక్క ఐటీఆర్ కాపీ కూడా జత చేయండి, ఆవిడ ఒప్పుకుంటేనే.

పాత_ఖాతా: ఇప్పుడు అక్కనూ లాగుతున్నారు. అదే నేను వద్దన్నది.