అప్‌డేట్: సిగ్నల్ లేని మూడు రోజుల ప్లాన్

అడిగింది: "ఇంట్లో నలుగురం, నలుగురివీ ఫోన్ చేతులే. సిగ్నల్ అందని చోటు ఎలా వెతకాలి? పిల్లలకు విసుగు రాకుండా మూడు రోజులు ఎలా గడపాలి?"

అప్‌డేట్: అరకొర సిగ్నల్ కంటే అసలు లేకపోవడమే నయం. వరండా మూలన ఒక్క గీత దొరికితే చాలు, అందరూ అక్కడే చేరతారు. పైగా బలహీనమైన సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ త్వరగా తాగేస్తుంది. అందుకే కొండ మీద కాకుండా, టవర్‌కు కొండ అడ్డొచ్చే లోయలో బస చూసుకోవాలి. కవరేజీ మ్యాప్ ఒక్కటే చూస్తే చాలదు. బుక్ చేసేముందు "గదిలో ఏ నెట్‌వర్క్ అందుతుంది? వైఫై ఉందా? అత్యవసరమైతే ల్యాండ్‌లైన్ ఉందా?" అని ఫోన్‌లోనే అడిగేయాలి. మూడోదానికి లేదంటే ఆ చోటు వద్దు.

బయల్దేరే ముందే గూగుల్ మ్యాప్స్‌లో Offline maps తెరిచి ఆ ప్రాంతం దించుకోవాలి. ఆఫ్‌లైన్‌లో కారు దారే చూపిస్తుంది, నడక దారి చూపదు. కాబట్టి కాలిబాటలకు కాగితం మ్యాప్ ఉండాల్సిందే. బుకింగ్ వివరాలు కూడా కాగితం మీదే.

విసుగు పుట్టేది పొద్దున కాదు, భోజనమయ్యాక రెండు నుంచి ఐదు దాకా. ఆ మూడు గంటలకే చేతిపని పెట్టాలి: పేకముక్కలు, చాకుతో చెక్కే మెత్తటి కర్ర, రోజూ ఒకరి వంతు వంట. మొదటి రోజు చిరాకు మామూలే, ఆ రోజు ప్రోగ్రాం తక్కువ పెట్టి నడక ఎక్కువ పెట్టాలి. పిల్లల ఫోన్లు ఏ డబ్బాలో పెడితే పెద్దల ఫోన్లు కూడా అదే డబ్బాలో పడాలి, లేకపోతే పిల్లలు మధ్యాహ్నానికే లెక్క తేలుస్తారు.