సీసా మీద 210, మీటర్లో 188, నేను కూడితే 307. ఏది నమ్మాలి?

సునీత_ఎంవీపీ
మా అబ్బాయి ఆన్‌లైన్లో పెన్నులాంటి టీడీఎస్ మీటరు, అదే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపించేది, ఒకటి తెప్పించాడు. అప్పట్నుంచీ ఇంట్లో కనబడిన నీళ్లన్నిట్లో ముంచుతున్నాడు, నిన్న మజ్జిగలో కూడా ముంచాడు. సరే అని నేనూ కూర్చుని రాసుకున్నాను. మేం తాగే 20 లీటర్ల టిన్ను నీళ్లు 18. కొట్లో కొన్న మామూలు లీటరు సీసా, దాని మీద ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని ఉంది, అది 92. మా కుళాయి నీళ్లు 140. మా ఆడపడుచు తెచ్చిన ఖరీదైన సీసా, నేచురల్ మినరల్ వాటర్ అని ఉన్నది, 188.

నా డౌట్ ఆ ఖరీదైన దాని గురించే. లేబుల్ మీద టీడీఎస్ 210 అని వేశాడు. దాని కిందే కాల్షియం 48, మెగ్నీషియం 12, సోడియం 14, పొటాషియం 2, బైకార్బొనేట్ 207, క్లోరైడ్ 14, సల్ఫేట్ 10 అని పట్టిక ఉంది, అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో. కూడితే 307 వచ్చింది. ఒకే సీసాకి మూడు అంకెలు ఏమిటి? వంద రూపాయల దగ్గర పెట్టి కొన్నది, మోసమా?

గాజువాక_రాజు
మేడం, సింపుల్. టీడీఎస్ ఎంత తక్కువుంటే నీళ్లు అంత ప్యూర్. మీ టిన్ను 18 అంటే ఫస్ట్ క్లాస్, ఆ ఖరీదైన సీసా కంటే పదింతలు మేలు. ఒక్కటి చూసుకోండి, ఐఎస్ఐ ముద్ర ఉండాలి, అది లేకుండా నీళ్లు అమ్మడానికి గవర్నమెంటు ఒప్పుకోదు. అంతే, టెన్షన్ పడకండి.

మాధవి_అక్కయ్యపాలెం
మా ఇంట్లోనూ ఇదే ప్రాబ్లం అండీ. మా ఆర్వో మిషన్‌లో ముందు 20 వచ్చేది, ఇప్పుడు 65 వస్తోంది. ఫిల్టర్లు మార్చాలంటున్నాడు మెకానిక్, నాలుగు వేలు అడుగుతున్నాడు. మార్చమంటారా?

సునీత_ఎంవీపీ
మాధవి గారూ, నాది మిషన్ కాదండీ, సీసా లేబుల్ గురించి అడిగాను. తెలిసినవాళ్లు ఎవరైనా మీకూ చెప్తారులెండి.

ల్యాబ్_మావయ్య
నేను పదకొండేళ్లు ఒక వాటర్ ప్లాంటు ల్యాబులో పనిచేశాను, ఇప్పుడు మానేసి సీతమ్మధారలో ఖాళీగా ఉన్నాను కాబట్టి తీరిగ్గా చెప్తాను. సునీతమ్మా, మోసం ఏమీ లేదు. మూడూ నిజమే.

మీరు బిందెలో నీళ్లు కాచినప్పుడు అడుగున తెల్లగా సున్నం కడుతుంది కదా, అక్కడే ఉంది జవాబు. ల్యాబులో టీడీఎస్ అంటే నీళ్లని గిన్నెలో పూర్తిగా ఆవిరి చేసి, 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మిగిలింది తూకం వేస్తారు. ఆ వేడికి బైకార్బొనేట్ విడిపోతుంది, దాంట్లో సగం కార్బన్ డయాక్సైడుగా, ఆవిరిగా గాల్లోకి పోతుంది, సగమే గిన్నెలో మిగులుతుంది. మీ లేబుల్లో బైకార్బొనేట్ 207. సుమారు 105 పోయినట్టు లెక్క. 307లోంచి 105 తీసేయండి, 202. పట్టికలో రాయని సిలికా లాంటివి కొంచెం ఉంటాయి, అవి కలిస్తే 210 దగ్గరకి వస్తుంది. నిజానికి ఇలా సరిపోయిందంటే ఆ పట్టిక ఎవరో కూర్చుని పరీక్ష చేసి వేసిందే అని నాకు నమ్మకం కలుగుతుంది. ఊరికే అంకెలు అచ్చేసిన లేబుల్స్ ఈ లెక్కకి నిలబడవు.

ఇక మీటరు. అది తూకం వెయ్యదు. నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతోందో చూసి, కరిగినదంతా ఉప్పే అనుకుని ఒక అంకె చెప్తుంది. మీ మీటరుకి రెండో బటన్ ఉంటే నొక్కి చూడండి, ఆ కరెంటు లెక్క చూపే ఇంకో పెద్ద అంకె వస్తుంది.

సునీత_ఎంవీపీ
నొక్కాను మావయ్య గారూ, 376 వచ్చింది!

ల్యాబ్_మావయ్య
సరిగ్గా సగం, చూశారా. 376ని సగం చేసి 188 అని చూపిస్తోంది. కొన్ని మీటర్లు సగానికి బదులు 0.7తో గుణిస్తాయి, దాంట్లో ఇదే నీళ్లు 263 చూపించేవి. అందుకని ఇద్దరి మీటర్లలో వచ్చిన అంకెలు పోల్చుకుని గొడవపడకండి.

పెందుర్తి_కిరణ్
రాజు అన్నా, తక్కువుంటే ప్యూర్ అన్నావు కదా, దానికి నా అనుభవం చెప్తాను. నేను హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ టిన్నులొచ్చేవి. మావాడొకడికి ఇదే మీటరు పిచ్చి, ఎప్పుడు పెట్టినా 22. ఒక ఎండాకాలం వరసగా పన్నెండు మందికి విరేచనాలు. అప్పుడు చూస్తే టిన్ను అడుగున పచ్చగా పాచి, చెయ్యి పెడితే జారుతోంది. వాళ్లు టిన్నులు కడిగేది ఎలాగో తెలీదు గానీ మా దగ్గర రోజంతా ఎండలోనే ఉండేవి. ఆ రోజుల్లోనూ మీటరు 22నే చూపించింది. తర్వాత కుళాయి నీళ్లు కాచుకుని తాగాం, తగ్గిపోయింది.

ల్యాబ్_మావయ్య
కిరణ్ చెప్పింది వంద శాతం కరెక్టు. క్రిములకి మీటరు గుడ్డిది. కరెంటు పారడానికి ఉప్పులు కావాలి, క్రిములతో దానికి పని లేదు. రాజు గారు మెచ్చుకున్న ఆ 18 గురించి కూడా చెప్పాలి. మన దేశంలో ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని అమ్మే నీళ్లకి టీడీఎస్ 75కి తగ్గకూడదు, 500 దాటకూడదు. నేచురల్ మినరల్ వాటర్‌కి 150 నుంచి 700. అంటే మీటరు తప్పుని ఎంత లెక్కేసుకున్నా 18 అనేది ఆ రెంటిలో దేనికిందకీ రాదు. అది ఆర్వో నుంచి నేరుగా టిన్నులోకి పట్టిన నీళ్లు. మన ఊళ్లో దాన్నే మినరల్ వాటర్ అంటాం, టిన్ను మీదా అదే రాస్తారు, కానీ దాంట్లో మినరల్స్ ఉన్నవన్నీ తీసేసే పంపారు.

మీ 92 సీసా చూడండి, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం బైకార్బొనేట్ లాంటి పేర్లుంటాయి. ముందు ఆర్వో చేసి, తర్వాత చిటికెడు ఉప్పులు కలిపి ఆ 75 గీత దాటించారన్నమాట. నేచురల్ మినరల్ అంటే అలా కలపకూడదు, భూమిలోంచి వచ్చినప్పుడు ఏ ఖనిజాలుంటే అవే ఉండాలి, అందుకే ఆ సీసా మీద నీళ్లు ఎక్కడివో ఊటో బోరో పేరుతో సహా రాసి ఉంటుంది. మూడింటికీ తేడా అంతే. ఖరీదైన సీసాలో దాహం ఎక్కువ తీరదు.

గాజువాక_రాజు
సరే గురువు గారూ, క్రిముల సంగతి ఒప్పుకుంటా. మరి ఐఎస్ఐ ముద్ర మాట?

ల్యాబ్_మావయ్య
ముద్ర ఉంటే మంచిదే, కానీ లేకపోతే అమ్మనివ్వరన్నది పాత మాట. 2024 అక్టోబరులో నీళ్లకి ఐఎస్ఐ తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు. ఆ తర్వాత నీళ్లని ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహార పదార్థాల లిస్టులో పెట్టి, తయారీదార్లకి ఏటా తనిఖీ అన్నారు. కాబట్టి ముద్ర ఉన్న సీసాలూ కనిపిస్తాయి, లేనివీ. ముద్ర ఉంటే మామూలు నీళ్లకి దాని పైన ఐఎస్ 14543 అని ఉంటుంది, నేచురల్ మినరల్‌కి 13428. సీసా మీద రాసిన నీళ్ల రకం ఒకటి, ముద్ర మీది నంబరు ఇంకో రకానిది అయితే అనుమానించాలి. ముద్ర ఉన్నా లేకపోయినా ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్సు నంబరు మాత్రం ఉండి తీరాలి. వాళ్ల సైట్లో ఆ నంబరు కొడితే ఎవరిపేరు, ఎక్కడ, ఏం తయారుచేస్తారు అన్నీ వస్తాయి. టిన్ను మీద కూడా వెతకండి, సీలు కింద చిన్న స్టిక్కరు ఉంటుంది.

సునీత_ఎంవీపీ
ఇప్పుడే కొట్టాను. స్టిక్కరు మీద నంబరు ఉంది, సగం చెరిగిపోయింది, ఒక 8నో 3నో తెలీక రెండు రకాలుగానూ చూశాను. ఒకటి అసలు రాలేదు. రెండోది వచ్చింది గానీ ఏదో వేరే జిల్లాలో బేకరీ! నీళ్ల ఊసే లేదు. టిన్నువాడికి ఫోన్ చేస్తే "మేడం ఐదేళ్లుగా తాగుతున్నారు, ఏమైనా అయిందా" అంటున్నాడు.

లాసన్స్‌బే_పద్మ
అయ్యో మా వీధిలోనూ అదే డైలాగ్. మావయ్య గారూ, నాకు ఒకటి చెప్పండి, ఇలా 18, 20 నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గుల్లబారతాయంటున్నారు, నిజమేనా? మా అత్తగారు ఈ మాట విన్నప్పట్నుంచీ టిన్ను ముట్టుకోవట్లేదు.

ల్యాబ్_మావయ్య
పద్మమ్మా, లెక్క చెప్తాను, తీర్పు చెప్పను. సునీత గారి ఖరీదైన సీసాలో లీటరుకి కాల్షియం 48. రెండు లీటర్లు తాగితే 96 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది సుమారు 1000. కాబట్టి పాలు, పెరుగు, రాగులు తినే ఇంట్లో నీళ్లవల్ల కొట్టుకుపోయేదేం లేదని నా ఉద్దేశం.

పెందుర్తి_కిరణ్
ఆ తినేవాళ్లకి సరే మావయ్యా. హాస్టల్లో మాకు పెరుగు కూడా నీళ్లే. అలాంటివాళ్లకి ఆ 96 కూడా ఎంతో కొంత లెక్కే కదా, అసలు ఏమీ లేని నీళ్లకి 75 అన్న గీత పెట్టారంటే ఊరికే పెట్టరు.

ల్యాబ్_మావయ్య
నువ్వన్నదాంట్లో పాయింటు ఉంది, కాదనను.

మాధవి గారూ, మీది మర్చిపోలేదు. మీటరుకి నిజంగా పనికొచ్చే చోటు మీ ఇల్లే. 65 చెడ్డ అంకె కాదు, తాగొచ్చు. కానీ 20 నుంచి 65కి ఎలా ఎక్కింది, నెమ్మదిగానా, ఒక్కసారిగానా? లోపలికొచ్చే నీళ్లని కూడా కొలవండి. మన తీరం దగ్గర బోర్లలో ఎండాకాలం ఉప్పు పెరుగుతుంది, లోపలిది 400 నుంచి 1300కి పోతే బయటది 20 నుంచి 65కి పోవడం మామూలే, మిషన్‌లో ఉప్పుని ఆపే పొర, అదే మెంబ్రేన్, బాగానే పనిచేస్తున్నట్టు. లోపలిది అంతే ఉండి బయటది ఎక్కితేనే మెకానిక్ మాట వినండి.

మాధవి_అక్కయ్యపాలెం
లోపలిది కొలవాలని తట్టనే లేదండీ. మా అపార్ట్‌మెంట్‌లో మార్చి నుంచి మున్సిపల్ నీళ్లు తగ్గించి బోరు కలుపుతున్నారు. సాయంత్రం చూసి చెప్తాను, నాలుగు వేలు అప్పటిదాకా నా దగ్గరే ఉంటాయి.

సునీత_ఎంవీపీ
నేను ఈ వారానికి టిన్ను ఆపేశాను. కుళాయి నీళ్లు కాచి వడపోస్తున్నాను. మా అబ్బాయి కాచిన తర్వాత కొలిచి 140 కాస్తా 118 అయిందని గెంతుతున్నాడు. అదీ సున్నం సంగతేనా మావయ్య గారూ?

ల్యాబ్_మావయ్య
అదే. బిందె అడుగున చూడమనండి.